ముహూర్తం ఫోటోలు పోయినప్పుడు రాయాల్సిన ఉత్తరం

పెళ్లయిన మర్నాడు కార్డును కంప్యూటర్లో పెట్టిన ఫోటోగ్రాఫర్‌కు అందులో ఏమీ కనిపించకపోతే, ఆ రోజు అతను చేయాల్సిన పనులు రెండు. ఒకటి ఆ కార్డును కాపాడటం. రెండోది పెళ్లివారికి విషయం చెప్పి, క్షమాపణ కోరుతూ మెయిల్ రాయడం. మన దగ్గర చాలామంది మొదటి పని పూర్తయ్యాకే రెండోది చేయాలనుకుంటారు. రికవరీ ఎంతవరకు వస్తుందో తేలనీ, అప్పుడు చెబుదామని వాయిదా వేస్తారు. ఆల్బమ్ చేతికి రావడానికి ఎలాగూ నెలలు పడుతుంది కాబట్టి ఆ మౌనం చాలాకాలం ఎవరి దృష్టికీ రాదు. నష్టం ఎక్కువగా పెరిగేది ఆ మౌనంలోనే అని నా అభిప్రాయం. కార్డు ఎందుకు చెడుతుంది, దానిలోంచి ఎంత తిరిగి వస్తుంది, మెయిల్లో ఏ మాట ఎక్కడ ఉండాలి, పరిహారం ఎలా లెక్కకట్టాలి, చట్టం ఏమంటుంది అన్న ప్రశ్నలన్నిటినీ కలిపి చూస్తే ఆ సంగతి స్పష్టమవుతుంది.

చర్చ గాల్లో సాగకుండా ఒక కేసును ముందు పెట్టుకుందాం. అంకెలు వివరణ కోసం నేను అమర్చినవి. పరిస్థితి మాత్రం ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. రాత్రి ముహూర్తం. మొత్తం ప్యాకేజీ 2,00,000 రూపాయలు. ఒక క్యాండిడ్ ఫోటోగ్రాఫర్, ఒక ట్రెడిషనల్ ఫోటోగ్రాఫర్, ఇద్దరు వీడియోవాళ్లు, మండపం పక్కన ఎల్ఈడీ వాల్, దానికి మిక్సింగ్, అమెరికాలో ఉన్న చుట్టాల కోసం యూట్యూబ్ లైవ్. క్యాండిడ్ ఫోటోగ్రాఫర్ దగ్గర ఎదురుకోలు వరకు తీసిన మొదటి కార్డు బాగానే ఉంది. గౌరీపూజ నుంచి అప్పగింతల దాకా తీసిన 64 జీబీ ఎస్‌డీ కార్డు మాత్రం తెరుచుకోలేదు.

కార్డు చదవడం లేదంటే ఏమిటి

ఈ మాట కింద రెండు వేర్వేరు జబ్బులున్నాయి. వాటిని విడదీయకుండా ఎవరికీ ఏ హామీ ఇవ్వకూడదు.

మొదటిది కార్డులోని ఫైళ్ల పట్టిక చెడటం. కెమెరా ఫోటోను రాసేటప్పుడు రెండు చోట్ల రాస్తుంది. ఫోటో డేటాను ఒకచోట, అది ఎక్కడుందో చెప్పే వివరాన్ని పట్టికలో మరోచోట. 32 జీబీ దాకా ఉన్న కార్డుల్లో ఈ పద్ధతి ఫ్యాట్32, అంతకు మించితే ఎక్స్‌ఫ్యాట్. రాస్తుండగా బ్యాటరీ అయిపోయినా, ఎర్ర లైటు వెలుగుతుండగానే కార్డు లాగేసినా పట్టిక సగంలో ఆగిపోతుంది. పుస్తకంలో విషయసూచిక చిరిగినంత మాత్రాన లోపలి పేజీలు పోవు, ఇదీ అంతే. రెండోది కార్డులోని ఎలక్ట్రానిక్ భాగాలే దెబ్బతినడం. ఫ్లాష్ మెమరీ పక్కనే దాన్ని నడిపే కంట్రోలర్ ఉంటుంది. అది పోతే డేటా ఉన్నా దాన్ని బయటికి ఇచ్చే దారి ఉండదు.

రెంటినీ గుర్తుపట్టే మార్గం సులువే. కార్డును రీడర్‌లో పెట్టగానే విండోస్ `You need to format the disk in drive E: before you can use it.` అంటుంది. చేయాల్సింది ఒక్కటే, ఆ ఫార్మాట్‌కు ఒప్పుకోకుండా ఆ పెట్టెను మూసేయడం. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూడాలి. 64 జీబీ కార్డుకు దాదాపు 59 జీబీ పరిమాణం కనిపిస్తూ, ఫైల్ సిస్టమ్ దగ్గర `RAW` అని ఉంటే, పరికరం మాట్లాడుతోందనీ పట్టికే చెడిందనీ అనుకోవచ్చు. ఇక్కడి `RAW`కు కెమెరా రా ఫైలుతో సంబంధం లేదు. ఫైల్ సిస్టమ్‌ను గుర్తుపట్టలేకపోయానని విండోస్ చెబుతోందంతే. పరిమాణం సున్నా అని వచ్చినా, అసలు డ్రైవే కనిపించకపోయినా, ఇంకో రీడర్‌లోనూ అలాగే ఉన్నా, పెట్టిన కాసేపటికే కార్డు వేడెక్కినా, అది రెండో జబ్బు. ఇక ఇంట్లో ప్రయత్నాలు ఆపేయాలి.

ఇక్కడ చేసే పొరపాట్లలో ఘోరమైనవి రెండు. ఒకటి, చెడ్డ కార్డునే మళ్లీ కెమెరాలో పెట్టి ఇంకో ఫోటో తీసి పరీక్షించడం. కొత్త ఫోటో పాతదాని మీద పడితే ఆ పాత ఫోటోను ఏ ల్యాబూ తిరిగి తేలేదు. రెండోది, విండోస్ సూచించే మరమ్మతు పనిని, అంటే చెక్‌డిస్క్‌ను, నేరుగా కార్డు మీద నడపడం. అది పట్టికను తనకు తోచినట్టు సరిచేస్తూ కార్డు మీద రాస్తుంది. ఎస్‌డీ కార్డు పక్కనున్న చిన్న తాళాన్ని కిందికి జరపడం అందుకే మొట్టమొదటి పని కావాలి.

రికవరీలో జరిగేది, దాని హద్దు

కార్డు మాట్లాడుతున్నప్పుడు మొదట చేయాల్సింది ఫోటోలు వెతకడం కాదు, కార్డు మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా ఒక ఫైలుగా ఇంకో డిస్కులోకి దింపుకోవడం. దీన్ని ఇమేజ్ తీయడం అంటారు. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ పని చేస్తుంది:

```
sudo ddrescue -d -r3 /dev/sdb card.img card.map
```

`/dev/sdb` అన్నది కార్డు పేరేనని ముందే ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఈ ప్రోగ్రామ్ ముందు తేలిగ్గా చదవగలిగిన చోట్లన్నీ చదివేసి, మొరాయించిన చోట్లను చివరికి వదిలి, వాటి మీదికి మూడుసార్లు తిరిగి వెళ్తుంది. ఏ చోటు చదివిందో ఏది చదవలేదో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. చనిపోబోతున్న కార్డు ఇంకెన్నిసార్లు చదవనిస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టే ఈ వరుస. ఆ తర్వాత పనంతా ఆ ఇమేజ్ మీదే. అసలు కార్డును కవర్లో పెట్టి పక్కన ఉంచాలి.

ఇమేజ్‌లోంచి ఫోటోలు ఏరడానికి ఫోటోరెక్ వంటి ప్రోగ్రాములున్నాయి. అవి పట్టికను పట్టించుకోవు. ప్రతి రకం ఫైలుకూ మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. జేపెగ్ ఫైలైతే `FF D8 FF`తో మొదలవుతుంది. ఆ గుర్తు కనిపించిన చోటల్లా ఒక ఫోటో మొదలైందని భావించి, అక్కడినుంచి వరుసగా ఉన్న డేటాను ఒక ఫైలుగా కోసి ఇస్తాయి. కెమెరా ఫోటోలను సాధారణంగా వరుసగానే రాస్తుంది కాబట్టి ఈ పద్ధతి ఫోటోలకు బాగా పనిచేస్తుంది. ముక్కలుముక్కలుగా పడే పెద్ద వీడియో ఫైళ్ల విషయంలో అంత బాగా పనిచేయదు. పాత ఫైలు పేర్లు కూడా రావు.

కంట్రోలరే పోయిన కార్డు ల్యాబుకు వెళ్లాలి. ఇప్పటి ఎస్‌డీ కార్డుల్లో చాలావాటిలో కంట్రోలర్, మెమరీ విడివిడి చిప్పులుగా ఉండవు. రెండూ ఒకే అచ్చులో ఉంటాయి. ల్యాబులో పై పూతను గీకి, లోపలున్న సన్నని బిందువులకు తీగలు అతికించి, కంట్రోలర్‌ను దాటుకుని మెమరీని నేరుగా చదువుతారు. అలా వచ్చిన డేటా కంట్రోలర్ కలగాపులగం చేసి పెట్టినది. దాని వరుసను తిరిగి కట్టాలి. ఆ కంట్రోలర్ పద్ధతి ల్యాబుకు తెలిసినదైతే పని జరుగుతుంది, కాకపోతే జరగదు. ముందుగా ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. కాబట్టి "ల్యాబుకు పంపాం, వచ్చేస్తాయి" అన్న మాట మెయిల్లో ఉండకూడదు.

మన కేసులో జబ్బు మొదటి రకం, దానితోపాటు కొన్ని చోట్ల మెమరీ కూడా పాడైంది. ఇమేజ్ వచ్చింది కానీ మధ్యలో ఖాళీలున్నాయి. ఇప్పుడు అసలు ప్రశ్న: ఎన్ని పోయాయి, ఏవి పోయాయి?

మొదటి ప్రశ్నకు జవాబు కెమెరా దగ్గరే ఉంది. కార్డు మారినా కెమెరాలో ఫోటో నంబరు కొనసాగుతూ పోతుంది, దాన్ని మార్చి పెట్టకపోతే. మొదటి కార్డులో చివరి ఫోటో 4210. అప్పగింతలయ్యాక కొత్త కార్డులో మొదటి ఫోటో 5611. అంటే చెడిన కార్డులో ఉండాల్సినవి సరిగ్గా 1,400. వాటిలో 960 పూర్తిగా తిరిగి వచ్చాయి. 440 రా ఫైళ్లు చెడ్డాయి. వీటిని కూడా వెంటనే వదిలేయకూడదు. చాలా కెమెరాలు రా ఫైలు లోపలే కెమెరా తెర మీద చూపడానికి ఒక జేపెగ్ బొమ్మను కూడా దాస్తాయి. రా భాగం చెడినా ఆ బొమ్మ బతికి ఉండొచ్చు. నికాన్ ఫైళ్లలో దాన్ని బయటికి తీసే పద్ధతి ఇది:

```
exiftool -b -JpgFromRaw -w _prev.jpg *.nef
```

అలా 90 ఫోటోలు దొరికాయి. రంగులు సరిదిద్దే వెసులుబాటు రా ఫైలంత ఉండదు గానీ ఆల్బమ్‌కు పనికొస్తాయి. 350 పోయినట్టే.

రెండో ప్రశ్నకు జవాబు దొరికినవాటిలో ఉంది. ప్రతి ఫోటోలోనూ అది తీసిన సమయం సెకన్లతో సహా నమోదై ఉంటుంది. 1,050 ఫోటోలనూ ఆ సమయాల ప్రకారం వరుస పెడితే ఎక్కడ గండి పడిందో కళ్లకు కనిపిస్తుంది. మెమరీ పాడైనప్పుడు నష్టం అక్కడొకటి ఇక్కడొకటిగా కాకుండా సాధారణంగా గుంపుగా వస్తుంది. మన కేసులో రాత్రి 11:41 నుంచి 11:58 వరకు దాదాపు ఏమీ లేదు. జీలకర్ర-బెల్లం, మంగళసూత్రధారణ ఆ పదిహేడు నిమిషాల్లోనే జరిగాయి. తలంబ్రాల్లో సగం ఉంది. గౌరీపూజ, కన్యాదానం, అప్పగింతలు పూర్తిగా ఉన్నాయి. పెళ్లివారికి "కొన్ని ఫోటోలు పోయాయి" అనడానికీ "జీలకర్ర-బెల్లం నుంచి సూత్రధారణ వరకు నా క్యాండిడ్ ఫోటోలు లేవు" అనడానికీ ఎంత తేడా ఉందో చూడండి. మొదటి మాట విన్నవాళ్లు ఏం పోయిందోనని ఊహించుకుంటూనే ఉంటారు. రెండోది వింటే బాధపడతారు, కానీ ఏం వెతకాలో వాళ్లకు తెలుస్తుంది.

మొదటి మెయిల్ ఆ రోజే ఎందుకు వెళ్లాలి

పై పని పూర్తికావడానికి రోజులు పడుతుంది, ల్యాబుకు వెళ్తే వారాలు. అన్నాళ్లు ఆగితే ఏం జరుగుతుంది? మండపంలో ఆ పదిహేడు నిమిషాలను చూసిన కెమెరాలు ఇంకా చాలా ఉన్నాయి. వీడియోవాళ్ల కార్డులు ముహూర్తాల సీజన్లో రెండుమూడు రోజుల్లో ఇంకో పెళ్లికి ఫార్మాట్ అయిపోతాయి. మిక్సింగ్ ఆపరేటర్ రికార్డు చేసిన పెన్‌డ్రైవ్ కూడా అంతే. బంధువుల ఫోన్లలో స్టోరేజ్ నిండితే మొదట పోయేవి అలాంటి వీడియోలే. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది. యూట్యూబ్ లైవ్ పన్నెండు గంటల లోపుదైతే ఛానల్లో మిగిలి ఉంటుంది గానీ, లైవ్ నడిపినవాళ్లు దాన్ని తీసేయొచ్చు.

అంటే పోయిన ఫోటోలకు ప్రత్యామ్నాయం బతికి ఉండేది మొదటి రెండుమూడు రోజులే. వాటిని ఆపగలిగేది పెళ్లివారి ఒక్క ఫోన్ కాల్. ఆ కాల్ చేయాలని వాళ్లకు తెలియాలంటే విషయం తెలియాలి. అందుకే క్షమాపణ మెయిల్‌ను రికవరీ తర్వాత రాసే ఉత్తరంగా చూడటం సరికాదని అంటున్నాను. అది రికవరీలో మొదటి మెట్టు.

ముందు ఫోన్ చేయాలి. ఇలాంటి వార్త మొదట తెర మీద చదవాల్సి రావడం అవమానంగా ఉంటుంది. వధూవరులిద్దరికీ చెప్పాలి, మన పెళ్లిళ్లలో డబ్బు కట్టి మాట్లాడుకున్నది తరచుగా అమ్మాయి తండ్రో అబ్బాయి తండ్రో కాబట్టి వారికీ అదే రోజు చెప్పాలి. ఫోన్ తర్వాత గంటలోపు రాతపూర్వకంగా మెయిల్. ఆ మొదటి మెయిల్ ఇలా ఉండొచ్చు:

"మీ ఇద్దరికీ నమస్కారం. పొద్దున ఫోన్‌లో చెప్పిన విషయాన్నే రాసి ఇస్తున్నాను. గౌరీపూజ నుంచి అప్పగింతల దాకా నేను తీసిన 1,400 క్యాండిడ్ ఫోటోలున్న కార్డు తెరుచుకోవడం లేదు. వాటికి ఇంకో కాపీ లేదు. నా కెమెరాలో రెండు కార్డులు పట్టే వీలుంది, ఒకేసారి రెంటిలోనూ పడేలా పెట్టి ఉండాల్సింది, పెట్టలేదు. ఆ తప్పు నాది. మీ జీవితంలో మళ్లీ రాని ఘడియను మీరు నమ్మి నాకు అప్పగించారు. మీకు కలిగిన బాధకు మనస్ఫూర్తిగా క్షమాపణ చెబుతున్నాను.

కార్డును వాడకుండా పక్కన పెట్టాను. దాని పూర్తి నకలు తీసే పని ఈ రోజు మొదలైంది. ఎన్ని వస్తాయో ఇప్పుడే చెప్పలేను. శుక్రవారం సాయంత్రం ఆరు లోపు, ఏమీ తేలకపోయినా సరే, మీకు మళ్లీ రాస్తాను.

ట్రెడిషనల్ ఫోటోలు, రెండు వీడియో కెమెరాల కార్డులు క్షేమంగా ఉన్నాయి. రెండేసి కాపీలు తీశాం. మిక్సింగ్ రికార్డింగ్, లైవ్ చెరిపేయవద్దని ఆయా వ్యక్తులకు చెప్పాను. మీరు కూడా ఈ రోజే మీ బంధువులకు ఒక మాట చెప్పండి: గౌరీపూజ నుంచి అప్పగింతల దాకా ఫోన్‌లో తీసినవి ఏవైనా చెరపవద్దనీ, వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనీ. పంపాల్సిన లింకు కింద ఇస్తున్నాను."

ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది. చివరి సూచన చిన్నదిగా కనిపించినా ముఖ్యం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వస్తుంది, తీసిన సమయంతో సహా. ఆ సమయంతోనే దాన్ని గండిలో సరైన చోట పెట్టగలం.

లేని మాటలు కూడా గమనించండి. "అనివార్య సాంకేతిక కారణాల వల్ల" అని లేదు. కార్డు చెడటం సాంకేతిక కారణమే, కానీ ఒకే కాపీ ఉండటం మనిషి నిర్ణయం. రెంటినీ ఒకే మాటలో ముడిపెడితే చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది. "మమ్మల్ని క్షమించండి, దయచేసి అర్థం చేసుకోండి" అన్న వేడుకోలూ లేదు. క్షమాపణల మీద రాయ్ లెవిక్కీ, ఆయన సహ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ఆరు భాగాలను పోల్చి చూసింది: విచారం, ఏం జరిగిందన్న వివరణ, బాధ్యత ఒప్పుకోవడం, మళ్లీ చేయనన్న మాట, సరిదిద్దుతానన్న ప్రతిపాదన, క్షమించమని అడగడం. విన్నవారి మీద ఎక్కువ ప్రభావం చూపింది బాధ్యత ఒప్పుకోవడం. దాని తర్వాత సరిదిద్దే ప్రతిపాదన. అన్నిటికన్నా తక్కువగా నిలిచింది క్షమించమని అడగడం. ఫోటోగ్రాఫర్ల మెయిళ్లు చాలావరకు దీనికి తలకిందులుగా ఉంటాయి. వేడుకోలు నిండా ఉంటుంది, బాధ్యత ఒక్క వాక్యంలోనూ ఉండదు.

తప్పు నాదని రాసిస్తే అదే రేపు నా మీద సాక్ష్యమవుతుంది కదా అన్న భయం నిజమైనదే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2006 నాటి కాంపెన్సేషన్ చట్టం రెండో సెక్షన్, క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదని ప్రత్యేకంగా చెప్పింది. మన దగ్గర అంత ధీమా పెట్టుకోకుండానే ఆలోచిద్దాం. డబ్బు తీసుకుని ఫోటోలు ఇవ్వలేకపోయాడన్నది దాచితే దాగే విషయం కాదు. ఆల్బమే దానికి సాక్ష్యం. రెండు కార్డుల సంగతి దాచిపెట్టి తర్వాత బయటపడితే పోయిన ఫోటోలకు తోడు మోసం కూడా లెక్కలోకి వస్తుంది. జరిగింది జరిగినట్టు రాయడమే ఫోటోగ్రాఫర్‌కు కూడా క్షేమం. తనకు తెలియని కారణాన్ని మాత్రం ఊహించి రాయకూడదు. "కార్డు నకిలీది అయ్యుంటుంది", "కంపెనీ లోపం" వంటి మాటలు పరీక్షించి తేల్చుకున్నాకే రావాలి.

పరిహారం ఎలా లెక్కకట్టాలి

రెండో మెయిల్ రికవరీ తేలాక రాసేది. పరిహారం ప్రస్తావన అందులో రావాలి. మొదటి మెయిల్లోనే "పదివేలు తగ్గిస్తాం" అంటే, ఏం పోయిందో తెలియకముందే బేరం మొదలుపెట్టినట్టు ఉంటుంది.

లెక్కలో మూడు పద్దులుంటాయి, వాటిని కలపకూడదు. మొదటిది అందని సేవకు తీసుకున్న డబ్బు. మన కేసులో ముహూర్తానికి క్యాండిడ్ పని 45,000 రూపాయలని ఒప్పందంలో ఉంది. 1,400లో 350 పోయాయి కాబట్టి నాలుగో వంతు వెనక్కి ఇస్తే సరిపోతుందన్న వాదన వస్తుంది. ఇది అన్యాయమైన లెక్క. క్యాండిడ్ ఫోటోగ్రాఫర్‌ను పెట్టుకున్నదే ఆ పదిహేడు నిమిషాల కోసం. ఆ పద్దు మొత్తం 45,000 తిరిగి ఇవ్వాలి, దొరికిన 1,050 ఫోటోలు కూడా ఇవ్వాలి.

రెండోది ప్రత్యామ్నాయానికి అయ్యే ఖర్చు: రికవరీ ల్యాబు ఫీజు, బంధువుల ఫైళ్లు సేకరించి వరుస పెట్టడం, వీడియోలోంచి బొమ్మలు తీయడం, ఆల్బమ్ మళ్లీ డిజైన్ చేయడం. ఇదంతా ఫోటోగ్రాఫర్ భరించాల్సిందే. దీన్ని ఉపకారంగా చూపించి మొదటి పద్దులో తగ్గించకూడదు.

మూడోది మనోవేదన. దీనికి ధర కట్టలేమన్నది నిజం, కానీ న్యాయస్థానాలు కడుతూనే ఉన్నాయి. స్కాట్లాండ్‌లో డీసెన్ వర్సెస్ శాంసన్ అనే 1971 నాటి కేసు ఈ విషయంలో తరచుగా చెబుతారు. ఒప్పుకున్న ఫోటోగ్రాఫర్ పెళ్లికి రానేలేదు. ఆస్తి నష్టం లేకపోయినా, సంతోషకరమైన జ్ఞాపకాలు లేకుండా పోయినందుకు షెరిఫ్ కోర్టు వధువుకు 30 పౌండ్లు ఇప్పించింది. మన దేశంలో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ వర్సెస్ ఎం.కె. గుప్తా కేసులో సుప్రీంకోర్టు 1993లో ఇచ్చిన తీర్పు, వినియోగదారుడికి ఇచ్చే పరిహారంలో మానసిక వేదన కూడా చేరుతుందని స్థిరపరిచింది.

డబ్బు తీసుకుని చేసే ఫోటోగ్రఫీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవే. అందులో లోపం జరిగితే జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా జిల్లా కమిషన్ పరిధి. ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. సలహా కోసం జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915. "ఏ కారణం చేతనైనా ఫోటోలు పోతే అడ్వాన్సు మాత్రమే వాపసు" అని ఒప్పందంలో సన్న అక్షరాల్లో ఉన్నంత మాత్రాన విషయం ముగిసిపోదు. వినియోగదారుడికి అన్యాయంగా ఉన్న ఒప్పందపు షరతును చెల్లదని ప్రకటించే అధికారం ఈ చట్టం రాష్ట్ర, జాతీయ కమిషన్లకు ఇచ్చింది.

ఈ కేసులో ఫోటోగ్రాఫర్ మూడో పద్దు కింద 30,000 ప్రతిపాదించాడనుకుందాం. మొత్తం 75,000. పెళ్లివారు ఇంకా 50,000 ఇవ్వాల్సి ఉంది. మెయిల్లో ఇది తేటగా ఉండాలి: "మీరివ్వాల్సిన 50,000 ఇక ఇవ్వక్కర్లేదు. మిగతా 25,000 ఈ నెల 20లోపు మీ ఖాతాలో వేస్తాను." "తగిన విధంగా సర్దుబాటు చేస్తాం" అన్న మాట ఆల్బమ్ తీసుకునే రోజున స్టూడియోలో గొడవకు దారితీస్తుంది. ఇంకో సంగతి, ఈ డబ్బు తీసుకుంటే ఇక ఎక్కడా ఫిర్యాదు చేయమని సంతకం పెట్టమనే కాగితాన్ని అదే మెయిల్‌కు జతచేయకూడదు. క్షమాపణ, రాజీపత్రం కలిసి వస్తే రెండోదాని కోసమే మొదటిది రాశారని ఎవరైనా అనుకుంటారు. రాజీ కావాలంటే ఆలోచించుకోవడానికి సమయమిచ్చి విడిగా అడగాలి.

డబ్బుకు బదులు "మళ్లీ ఒక షూట్ ఉచితంగా చేస్తాం" అనడం మన దగ్గర మామూలు. పెళ్లిబట్టల్లో దంపతుల ఫోటోలు, తాతమ్మలతో ఫోటోలు మళ్లీ తీయొచ్చు. అది మంచి ప్రతిపాదనే. కానీ సూత్రధారణను మళ్లీ నటించమనడం చాలా కుటుంబాలకు నచ్చదు. ఆ మాట ఫోటోగ్రాఫర్ నోటి నుంచి రాకూడదు. వాళ్లంతట వాళ్లు అడిగితే వేరు.

గండిని పూడ్చేది ఏమిటి

రెండో మెయిల్‌తోపాటు ప్రత్యామ్నాయాల నమూనాలు పంపాలి, వాటి హద్దులు కూడా చెప్పాలి. 4కే వీడియోలో ఒక ఫ్రేము 3840 బై 2160 పిక్సెళ్లు. అంగుళానికి 300 పిక్సెళ్ల నాణ్యతతో అచ్చు వేస్తే దాదాపు 12.8 బై 7.2 అంగుళాలు వస్తుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేము 6.4 బై 3.6 అంగుళాలే. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫోటో 13 బై 10 దాకా వెళ్తుంది. 12 బై 36 షీట్ల ఆల్బమ్‌లో షీటంతా పరిచే ఫోటో వీటితో రాదు. నాలుగైదు చిన్న ఫోటోలుగా అమర్చిన షీటు మాత్రం బాగా వస్తుంది. ఇంకో హద్దు కదలిక. వీడియో సాధారణంగా సెకనులో యాభయ్యో వంతు షటర్‌తో తీస్తారు. మూడు ముళ్లు వేస్తూ చేతులు నిలకడగా ఉన్న క్షణాలు స్పష్టంగా వస్తాయి, ఎగిరే తలంబ్రాలు గీతలుగా సాగిపోతాయి.

మిక్సింగ్ రికార్డింగ్ ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. ఆపరేటర్ ఆ క్షణంలో ఏ కెమెరాను తెర మీదికి పంపాడో అదే అందులో ఉంటుంది. జీలకర్ర-బెల్లం పెట్టే వేళకు అతను ప్రేక్షకుల వైపు కట్ చేసి ఉంటే ఆ ఘట్టం మిక్సింగ్‌లో లేదు, కానీ రెండో కెమెరా కార్డులో పూర్తిగా ఉంది. విడివిడి కార్డులే అడగాలి. ట్రెడిషనల్ ఫోటోగ్రాఫర్ ఎదురుగా నిలబడి తీసినవి ఎలాగూ ఉంటాయి. "ముహూర్తం ఫోటోలన్నీ పోయాయి" అని రాయడం కూడా అందుకే తప్పు. అది పెళ్లివారిని అవసరానికి మించి ఏడిపిస్తుంది.

మెయిల్ చివర్లో ఇకమీదట ఏం మారుతుందో ఒకటి రెండు వాక్యాలుండాలి, పని పేరు చెప్పి. రెండు స్లాట్ల కెమెరాలో రెండో కార్డుకు నికాన్ మెనూలో `Overflow`, `Backup` వంటి దారులుంటాయి. మొదటిదాంట్లో ఒక కార్డు నిండాక రెండోది మొదలవుతుంది. రెండోదాంట్లో ప్రతి ఫోటో రెంటిలోనూ పడుతుంది. కెనాన్‌లో `Rec. to multiple` అదే పని చేస్తుంది. 2018లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ ఆర్, నికాన్ జడ్6, జడ్7లకు ఒకే స్లాట్ ఉండటం మీద పెళ్లి ఫోటోగ్రాఫర్లు అంత అభ్యంతరపెట్టింది ఇందుకే. ఆ తర్వాతి జడ్6 II, జడ్7 IIలకు రెండు స్లాట్లు వచ్చాయి. రెండు స్లాట్లున్నా `Overflow`లో వదిలేస్తే ఒకే స్లాట్ ఉన్నట్టే. ఫోటోగ్రాఫర్‌ను మాట్లాడుకునే రోజున పెళ్లివారు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: రెండో కార్డు దేనికి పెడతారు?

ఇంకొక్క వాక్యం లేకపోతే ఆ మెయిల్ పూర్తికాదు. చెడిన కార్డు, దాని ఇమేజ్ ఎక్కడ ఉన్నాయి, ఎన్నాళ్లు ఉంచుతారు, పెళ్లివారు కోరితే ఇంకో ల్యాబులో చూపించుకోవడానికి ఇస్తారా అన్నది స్పష్టంగా రాయాలి. ఒక ల్యాబుకు తెలియని కంట్రోలర్ ఇంకో ల్యాబుకు తెలిసి ఉండొచ్చు. ఈ రోజు చదవలేనిది రేపు చదవగలిగే వీలుండొచ్చు. ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు కాబట్టి కనీసం అన్నాళ్లయినా ఆ కార్డును వాడకుండా భద్రంగా ఉంచాలి, ఇమేజ్ కాపీ ఒకటి పెళ్లివారికి ఇవ్వాలి. రికవరీ చేశామన్న మాటను పరీక్షించుకునే అవకాశం ఎదుటివారి చేతిలో పెట్టిన ఫోటోగ్రాఫర్ క్షమాపణను నమ్మవచ్చు. కార్డు పారేశామని రాసినవాడు ఎంత బాగా రాసినా ఆ నమ్మకాన్ని సంపాదించలేడు.